పఠన జాబితా నుంచి వ్యాఖ్యాసహిత గ్రంథసూచి: కృష్ణా ఆనకట్టపై ఒక జాబితాను ఉదాహరణగా తీసుకుని

పరిశోధనలో చేరిన తొలి నెలల్లో గైడు గారు ఇరవై పేర్ల పఠన జాబితా ఒకటి చేతికిచ్చి, "వీటికి అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ తయారు చేసుకుని రండి" అంటారు. తెలుగులో దీన్ని వ్యాఖ్యాసహిత గ్రంథసూచి అనవచ్చు. ఇందులో ప్రతి గ్రంథానికీ ప్రచురణ వివరాలు ఉంటాయి. వాటి కింద ఒక చిన్న పేరా ఉంటుంది. ఆ పేరాలో మూడు పనులు జరగాలి: గ్రంథం ఏం చెబుతోందో సంగ్రహించడం, దాని బలాబలాలను మూల్యాంకనం చేయడం, మన పరిశోధనకు అది ఎక్కడ పనికివస్తుందో చెప్పడం. గుంటూరు, విజయవాడ ప్రాంతాల చరిత్ర విద్యార్థుల గ్రంథసూచులను చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. మొదటి పని అందరూ ఎంతో కొంత చేస్తారు. మూడోది ఒక వాక్యంతో సరిపెడతారు. రెండోదైన మూల్యాంకనం దాదాపు ఎవరూ చేయరు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

తెనాలి నుంచి వచ్చిన ఒక విద్యార్థిని జాబితానే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆమె అంశం కృష్ణా ఆనకట్ట, పశ్చిమ డెల్టా వ్యవసాయం. ఒకరోజు ఆమె నా దగ్గరకు వచ్చి, "సార్, పుస్తకం మొత్తం చదివానండీ, వ్యాఖ్యలో ఏం రాయాలో మాత్రం తెలియడం లేదు" అన్నది. "మీ ప్రశ్న ఏమిటమ్మా?" అని అడిగాను. "కృష్ణా ఆనకట్ట సార్" అన్నది. అది ప్రశ్న కాదు, అంశం మాత్రమే. చిక్కు అక్కడే ఉంది.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోవడం

జాబితాలోని మొదటి పుస్తకం తెరిచే ముందే కాగితం పైభాగాన మీ పరిశోధన ప్రశ్నను, చివర ప్రశ్నార్థకం ఉండే ఒక పూర్తి వాక్యంగా రాయండి. మా విద్యార్థిని ఆ రోజు రాసిన వాక్యం ఇది: "1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత, శతాబ్దం ముగిసేలోగా పశ్చిమ డెల్టా గ్రామాల్లో మెట్ట పంటల స్థానాన్ని వరి ఎంతవరకు ఆక్రమించింది, ఆ మార్పుకు కాలువ నీరు ఒక్కటే కారణమా?" ఈ వాక్యంలో కాలం, ప్రదేశం, కొలవదగిన మార్పు, తేల్చవలసిన కారణం అన్నీ ఉన్నాయి. ఏ పుస్తకం తెరిచినా ఈ నాలుగింటిలో దేనికి జవాబిస్తుందో చూడవచ్చు. "కృష్ణా ఆనకట్ట" అన్న రెండు మాటలే చేతిలో ఉంటే ప్రతి పుస్తకమూ సమానంగా సంబంధించినదిగానే కనిపిస్తుంది. అప్పుడు ప్రతి వ్యాఖ్యా "ఈ గ్రంథం నా పరిశోధనకు ఎంతో ఉపయోగకరం" అన్న వాక్యంతోనే ముగుస్తుంది.

రెండో మెట్టు: జాబితాను సరిచూసి విడగొట్టడం

ఎవరైనా ఇచ్చిన పఠన జాబితాలో ప్రచురణ వివరాలు పూర్తిగా ఉంటాయని నమ్మకండి. ఒక ఉదాహరణ చెబుతాను. కోస్తా ఆంధ్రలో రైతాంగం నుంచి ఎదిగిన పెట్టుబడిదారులపై కేరల్ ఉపాధ్య 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం వరుసగా రెండు వారాల సంచికల్లో, రెండు భాగాలుగా వచ్చింది. జాబితాలో సాధారణంగా మొదటి భాగం పుటలే కనిపిస్తాయి. వాటినే ఎత్తి రాసుకున్న విద్యార్థి సగం వ్యాసం చదివి మొత్తం వ్యాసాన్ని మూల్యాంకనం చేసినట్లవుతుంది. కాబట్టి ప్రతి పద్దుకూ రచయిత పేరు, సంవత్సరం, శీర్షిక, ప్రచురణకర్త లేదా పత్రిక, సంపుటి, సంచిక, పుటలు అన్నవాటిని పుస్తకం శీర్షిక పుట నుంచో పత్రిక సంచిక నుంచో స్వయంగా రాసుకోవాలి.

పాత గ్రంథాలను వెతికేటప్పుడు ఊర్ల పేర్లకు పాత వర్ణక్రమం వాడాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో `Krishna` అని వెతికితే మన జిల్లాపై 19వ శతాబ్దంలో అచ్చయిన పుస్తకాలు చాలావరకు దొరకవు. `Kistna`, `Bezwada`, `Guntoor` అని విడివిడిగా వెతకాలి. తెలుగు పత్రికల పాత సంచికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం దాకా వెళ్లవలసి రావచ్చు. అలాంటప్పుడు ఆ గ్రంథం ఎక్కడ చూశారో కూడా అప్పుడే రాసి పెట్టుకోండి.

వివరాలు సరిచూశాక జాబితాను మూడు వరుసలుగా విడగొట్టండి. ఆ కాలంలోనే పుట్టిన రచనలు ఒక వరుస. 1883 నాటి జిల్లా మాన్యువల్, కృష్ణా డెల్టా నిర్మాణాలపై 1899లో జార్జ్ వాల్చ్ రాసిన పుస్తకం దీనిలోకి వస్తాయి. ఆ కాలం గురించి తరువాతి పరిశోధకులు రాసినవి రెండో వరుస. జి.ఎన్. రావు గారు కృష్ణా జిల్లాలో 1850 నుంచి 1900 వరకు సేద్యం వాణిజ్యపరం కావడంపై 1985లో రాసిన వ్యాసం దీనిలోకి వస్తుంది. వేరే కాలానికి చెందినా నేపథ్యంగా పనికొచ్చేవి మూడో వరుస. ఉపాధ్య వ్యాసం మా విద్యార్థినికి ఈ వరుసలోనే చేరింది. ఈ విభజన చివరి ప్రతిలో కనిపించనక్కర లేదు. అయితే ఏ రచనను ఏ ప్రశ్నలతో చదవాలో నిర్ణయించేది ఇదే.

మూడో మెట్టు: వ్యాఖ్య కోసం చదవడం

వ్యాఖ్య రాయడానికి ప్రతి పుస్తకాన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవాలన్న నియమం లేదు. ముందుమాట, విషయసూచిక, మీ ప్రశ్నకు నేరుగా తగిలే అధ్యాయాలు, ముగింపు శ్రద్ధగా చదివితే చాలు. వ్యాసమైతే పూర్తిగా చదవవలసిందే. ఏ అధ్యాయాలు చదివారో మీ నోట్సులో తేదీతో సహా రాసుకోండి. చదవని అధ్యాయంపై తీర్పు చెప్పకుండా ఉండటానికి ఇదొక్కటే మార్గం.

ప్రతి పద్దుకూ ఒక తెల్లకాగితం తీసుకుని అడ్డంగా రెండు గీతలు గీసి మూడు గళ్లు చేయండి. చదువుతున్నంతసేపూ మధ్య గడిలో, అంటే మూల్యాంకనం గడిలో మాత్రమే రాయండి. ఎక్కడ అనుమానం వచ్చింది, ఏ లెక్కకు ఆధారం చూపలేదు, ఏ మాట మరో పుస్తకంతో పొసగలేదు అన్నవి ఆ క్షణంలో రాయకపోతే మళ్లీ గుర్తుకు రావు. పుస్తకం మూసేశాక పై గడిలో సంగ్రహం రాయండి. పుస్తకం తెరిచి పెట్టుకుని సంగ్రహం రాస్తే ముందుమాటలోని వాక్యాలే మారు రూపంలో కాగితం మీదికి వచ్చేస్తాయి. కింది గడిని మర్నాటికి వదిలేయండి.

సంగ్రహం: విషయసూచిక కాదు, వాదన

"ఈ వ్యాసంలో రచయిత కృష్ణా జిల్లా వ్యవసాయం, నీటిపారుదల, మార్కెట్లు, భూమి శిస్తు గురించి చర్చించారు" అన్న వాక్యం సంగ్రహం కాదు. దానివల్ల పాఠకుడికి తెలిసేది శీర్షికల పట్టిక మాత్రమే. రచయిత ఏమని వాదించాడో, ఏ ఆధారంతో వాదించాడో రెండు మూడు వాక్యాల్లో చెప్పడమే సంగ్రహం. "గురించి చర్చించారు", "వివరించారు" అన్న క్రియలు కనిపించిన ప్రతిచోటా ఆగి, "ఏమని?" అని ప్రశ్నించుకోండి. జవాబు రాయగలిగితే ఆ జవాబే సంగ్రహం. రాయలేకపోతే ఆ పుస్తకాన్ని మళ్లీ తెరవాలి.

మాన్యువళ్లు, గెజిటీర్ల విషయం వేరు. వాటిలో ఒకే వాదన ఉండదు, కనుక అవి ఏ సమాచారాన్ని ఏ క్రమంలో, ఎవరి కోసం కూర్చాయో చెబితే సరిపోతుంది.

మూల్యాంకనం: ఎంత నమ్మవచ్చు, దేనికి నమ్మవచ్చు

మూల్యాంకనం అంటే పుస్తకం బాగుందా లేదా అని చెప్పడమని చాలామంది అనుకుంటారు. అందువల్లే "ప్రామాణిక గ్రంథం", "లోతైన విశ్లేషణ" వంటి మాటలు పుట్టుకొస్తాయి. పరిశోధకుడికి కావలసిన తీర్పు వేరు: ఈ రచనను ఏ విషయంలో నమ్మవచ్చు, ఏ విషయంలో నమ్మకూడదు, ఎందుకు? ఇందుకు నాలుగు సంగతులు పరిశీలించాలి. రచయిత ఎవరు, ఏ హోదాలో, ఎవరికోసం రాశాడు? ఆధారాలు ఎక్కడివి? ఆ ఆధారాలు దేన్ని పట్టుకోలేవు? ఇదే విషయంపై జాబితాలోని మరో రచన ఏమంటోంది?

మూడో ప్రశ్న దగ్గర నేను స్వయంగా దెబ్బతిన్నాను. ఆ వృత్తాంతాన్ని వివరంగా చెబితేనే మూల్యాంకనం ఎందుకో అర్థమవుతుంది. నా పరిశోధన రోజుల్లో 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్‌లోని సాగు లెక్కలనూ, 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో అచ్చయిన కృష్ణా జిల్లా లెక్కలనూ పక్కపక్కన పెట్టుకుని, మొత్తం సాగులో వరి వాటా ఆ పాతికేళ్లలో ఎంతో పెరిగిందని ఒక అధ్యాయమే రాసేశాను. రెండు పుస్తకాలకూ రాసుకున్న వ్యాఖ్యల్లో "విశ్వసనీయమైన ప్రభుత్వ గణాంకాలు" అన్న మాటే ఉంది. అవి నిజంగా విశ్వసనీయమైనవే. అయితే ఆ రెండు పుస్తకాల్లోని "కృష్ణా జిల్లా" ఒకటి కాదు. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లాను ఏర్పరిచారు. 1883 మాన్యువల్ చెప్పేది ఆ ఉమ్మడి జిల్లా గురించి. అందులో పల్నాడు, వినుకొండ, నరసరావుపేట వంటి మెట్ట తాలూకాలూ ఉన్నాయి. 1904లో గుంటూరు వేరే జిల్లా అయింది. ఆ మెట్ట తాలూకాలు దానితో వెళ్లిపోయాయి. అదే పునర్విభజనలో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వైపు గోదావరి డెల్టా తాలూకాలు కృష్ణా జిల్లాలోకి వచ్చి చేరాయి. ఒక్క కాలువ కూడా కొత్తగా తవ్వకపోయినా, ఒక్క ఎకరం మెట్ట కూడా మాగాణి కాకపోయినా, కాగితం మీద జిల్లాలో వరి వాటా పెరిగి తీరుతుంది. పరీక్షకులు ఆ అధ్యాయాన్ని తిప్పి పంపారు. తాలూకాల వారీగా లెక్కలు మళ్లీ కట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

కనుక మన ప్రాంతంపై ఏ జిల్లా స్థాయి గ్రంథాన్ని మూల్యాంకనం చేసినా, "ఈ రచనలో జిల్లా అంటే ఏ సరిహద్దులు?" అన్నదానికి వ్యాఖ్యలో ఒక వాక్యం కేటాయించండి. 1925లో కృష్ణా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది, 2022లో మళ్లీ అన్నీ మారాయి. ఏ ఇద్దరు రచయితలు "గుంటూరు జిల్లా" అన్నా వారు ఒకే నేల గురించి మాట్లాడుతున్నారని ముందే అనుకోకూడదు. ఇదే జాగ్రత్త సంవత్సరాలకూ వర్తిస్తుంది. రెవెన్యూ లెక్కలు ఫసలీల్లో ఉంటాయి. ఫసలీ 1292 అంటే 1882 జూలై నుంచి 1883 జూన్ వరకు. దానిని 1882గా ఒకరు, 1883గా మరొకరు చూపితే ఒకే పంట రెండు సంవత్సరాల్లో కనిపిస్తుంది.

రచయిత హోదాను చూడటం అంటే అతన్ని అనుమానించడం కాదు. వాల్చ్ మద్రాసు ప్రభుత్వ నీటిపారుదల ఇంజనీరు. ఆనకట్ట కట్టడం, కాలువల పని వంటి సాంకేతిక విషయాల్లో అతని మాటకు విలువ ఎక్కువ. కానీ ఆ నిర్మాణాల వల్ల రైతుకు ఏం మిగిలిందన్న విషయంలో అతను సాక్షి కాడు, ఆ నిర్మాణాలకు బాధ్యత వహించిన శాఖకు చెందినవాడు. ఒకే పుస్తకంపై ఈ రెండు తీర్పులూ పక్కపక్కన ఉండవచ్చు, ఉండాలి కూడా.

ప్రయోజనం: ఏ అధ్యాయంలో, ఏ పనికి

మూడో గడిని మర్నాడు నింపమన్నాను కదా. ఒక రాత్రి గడిస్తే పుస్తకం మీది మోజు తగ్గి, ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ఈ గడిలో రాయవలసింది ఆ రచన మీ సిద్ధాంత గ్రంథంలో చేయబోయే పని. లెక్కలు అందిస్తుందా, వాదనకు ఆధారమవుతుందా, మీరు ఖండించబోయే వాదనా, పద్ధతిలో మాదిరిగా నిలుస్తుందా, ఒట్టి నేపథ్యమా అన్నది తేల్చి, అధ్యాయం సంఖ్యతో సహా రాయండి. తక్కువ ప్రయోజనం ఉన్నదాన్ని తక్కువని రాయడానికి వెనుకాడకండి. ఉపాధ్య వ్యాసం చాలా మంచిది. కానీ సేద్యంలో మిగిలిన సొమ్ము పట్టణ వ్యాపారాల్లోకి వెళ్లిన తీరే దాని అసలు విషయం. 1900తో ఆగిపోయే ప్రశ్నకు అది ముగింపు అధ్యాయంలో ఒక పేరాకు మించి ఉపయోగపడదు. మా విద్యార్థిని సరిగ్గా అలాగే రాసింది. గైడు గారు మెచ్చుకున్న వాక్యం అదే.

ఒక పద్దు పూర్తిగా

మా విద్యార్థిని మాన్యువల్‌కు రాసిన మొదటి ప్రతి ఇలా ఉంది:

> ఈ గ్రంథం కృష్ణా జిల్లా చరిత్ర, భౌగోళికం, పరిపాలన గురించి విపులంగా వివరిస్తుంది. ఇది ప్రభుత్వం ప్రచురించిన ప్రామాణిక గ్రంథం. ఇందులో ఎంతో విలువైన సమాచారం ఉంది. నా పరిశోధనకు ఇది ఎంతగానో తోడ్పడుతుంది.

ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. అయితే ఈ నాలుగు వాక్యాలనూ యథాతథంగా తీసుకెళ్లి నెల్లూరు మాన్యువల్ కింద పెట్టినా, గోదావరి మాన్యువల్ కింద పెట్టినా అతికిపోతాయి. అదే దీని లోపం. మూడు గళ్ల కాగితం మీద పని చేశాక ఆమె రాసిన ప్రతి ఇది:

> మెకంజీ, జి. (1883). *ఎ మాన్యువల్ ఆఫ్ ది కిస్ట్నా డిస్ట్రిక్ట్ ఇన్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్*. లారెన్స్ అసైలం ప్రెస్.
>
> మద్రాసు సివిల్ సర్వీసు అధికారి అయిన రచయిత జిల్లా భౌగోళిక స్వరూపం, రాజకీయ చరిత్ర, జమీందారీ కుటుంబాలు, శిస్తు పాలన, ఆనకట్ట నిర్మాణాలకు సంబంధించిన సమాచారాన్ని పాలకుల అవసరం కోసం ఒకచోట కూర్చారు. ఆనకట్ట పూర్తయిన 28 ఏళ్లకు, దాని ఫలితాలు కళ్లెదుట ఉన్న కాలంలో రాసినది కావడం దీని బలం. అయితే దీని దృష్టి శిస్తు వసూలు చేసే ప్రభుత్వానిది. రెవెన్యూ లెక్కలు పట్టాదారును చూసినంతగా కౌలుదారును, కూలీని చూడవు. ఇందులోని జిల్లా 1859 నుంచి 1904 వరకు ఉన్న ఉమ్మడి జిల్లా. కాబట్టి జిల్లా మొత్తం అంకెలను తరువాతి కృష్ణా జిల్లా అంకెలతో పోల్చకూడదు, తాలూకా స్థాయిలోనే పోల్చాలి. రెండో అధ్యాయంలో ఆనకట్ట తరువాతి తొలి తరానికి ఆధారంగానూ, రావు (1985) వాదనను సరిచూసేందుకు ఆనాటి సాక్ష్యంగానూ వాడతాను.

మొదటి వాక్యం సంగ్రహం. తరువాతి అయిదు వాక్యాలు మూల్యాంకనం. చివరిది ప్రయోజనం. సగం కంటే ఎక్కువ స్థలం మూల్యాంకనానికే పోయింది. అలనాటి ఆకర గ్రంథాలకు అలాగే ఉండాలి. రావు గారి వ్యాసం వంటి పరిశోధనకు సంగ్రహం పెరిగి మూల్యాంకనం కొంత తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ చెప్పవలసిన వాదన ఉంది. ప్రతి పద్దులోనూ మూడు భాగాలూ సమానంగా ఉండాలనుకుని వాక్యాలు సాగదీయకండి.

నిడివి గురించి ఒక మాట. ఇంగ్లిషులో ఒక వ్యాఖ్యకు 150 పదాలని సాధారణంగా అడుగుతారు. తెలుగులో విభక్తులు, సంధులు పదంలోనే కలిసిపోతాయి, కనుక అదే సమాచారం వంద పదాల చుట్టుపక్కలే ఇమిడిపోతుంది. 150 పదాల లెక్కను తెలుగులో నింపబోతే విశేషణాలు చేరడమే జరుగుతుంది.

క్రమం, అమరిక

అకారాది క్రమంలో పెట్టేటప్పుడు మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. "రావు" ఇంటిపేరు కాదు, అయినా ఇంగ్లిషు పత్రికల సూచికలు జి.ఎన్. రావు గారిని "రావు" కిందే చూపుతాయి. ఇంగ్లిషు రచనలకు ఆ సూచికల పద్ధతినే పాటించండి, లేకపోతే మీ పాఠకుడు ఆ వ్యాసాన్ని వెతికి పట్టుకోలేడు. తెలుగు పుస్తకాలకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత రాసి, తెలుగు వర్ణక్రమంలో వేరే విభాగంగా పెట్టండి. రెండు లిపులను ఒకే వరుసలో కలిపితే ఏ క్రమమూ నిలవదు. ఈ నిర్ణయాన్ని గ్రంథసూచి మొదట్లో ఒక వాక్యంలో చెప్పాలి.

ఏపీఏ పద్ధతిలో ప్రచురణ వివరాల మొదటి పంక్తి ఎడమ అంచు నుంచి మొదలై, తరువాతి పంక్తులు అరంగుళం లోపలికి జరుగుతాయి. వర్డ్‌లో ఆ పేరా మీద ఉండి `Ctrl+T` నొక్కితే అది అమరుతుంది. వ్యాఖ్య కొత్త పేరాగా, మొత్తంగా అరంగుళం లోపలికి ఉండాలి. మీ విభాగం వేరే పద్ధతి అడిగితే దానినే అనుసరించండి.

అప్పగించే ముందు

అన్ని పద్దులూ పూర్తయ్యాక వ్యాఖ్యలన్నీ ప్రింటు తీసి, ప్రచురణ వివరాలను కాగితంతో కప్పి, ఒక్కొక్క వ్యాఖ్యే చదవండి. ఏ గ్రంథం గురించో మీకే గుర్తుపట్టడం కష్టమైతే ఆ వ్యాఖ్య మళ్లీ రాయాలి. తరువాత పద్దులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏ వ్యాఖ్యలోనైనా జాబితాలోని మరో రచన ప్రస్తావన ఉందేమో చూడండి. పన్నెండు పద్దుల్లో అలాంటివి కనీసం నాలుగైదు ఉండాలి. ఒక్కటీ లేకపోతే పుస్తకాలను విడివిడిగా చదివారే తప్ప వాటిని ఒకదానితో ఒకటి తూచి చూడలేదని అర్థం.

మా విద్యార్థిని ఈ పరీక్ష చేసినప్పుడు ఇరవై రెండు పద్దుల్లో తొమ్మిదింటిని తానే తీసేసింది. వాటిలో అయిదు 1952లో పాత ఆనకట్టకు గండి పడటం, 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తికావడం గురించినవి. ఆమె ప్రశ్న అడిగే కాలానికి అవి యాభై ఏళ్లు ఇవతలివి. వాటి వ్యాఖ్యలను పారేయవద్దని, వేరే ఫైలులో దాచుకోమని చెప్పాను. మిగిలిన పదమూడు పద్దులతో ఆమె గైడు గారి దగ్గరకు వెళ్లింది.